అప్‌డేట్: భాగపంపిణీ దావాకు స్థిర కోర్టు ఫీజు సరిపోయింది

నా ప్రశ్న: "అన్నయ్య పొలం సాగు చేస్తూ ఆదాయం ఇవ్వడం లేదు. భాగపంపిణీ దావాకు నా వాటా మార్కెట్ విలువ మీద కోర్టు ఫీజు కట్టాలా?"

కోర్టు దావాను స్వీకరించి నంబరు ఇచ్చింది. బదులిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

"ఫీజుకు ప్లెయింటులోని, అంటే దావా పత్రంలోని, మాటలే చూస్తారు" అన్న మీ సలహా పనిచేసింది. కోర్టు ఆఫీసు మొదట 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం సెక్షన్ 34(1) కింద వాటా విలువపై ఫీజు కట్టమని అభ్యంతరం రాసి కాగితాలు తిప్పి పంపింది. వకీలుగారు సుప్రీంకోర్టు 1980 నాటి నీలావతి తీర్పు చూపారు. దాని ప్రకారం ఒక సహ యజమాని స్వాధీనం అందరి స్వాధీనమేనని చట్టం భావిస్తుంది. ఆదాయం ఇవ్వలేదన్నంత మాత్రాన బయటకు నెట్టేసినట్టు కాదు. "ఉమ్మడి స్వాధీనంలో ఉన్నాం" అని ప్లెయింటులో స్పష్టంగా ఉంది కనుక అదే చట్టం 34(2) కింద రూ.200 చాలన్నారు. "నన్ను వెళ్లగొట్టారు" అని రాసి ఉంటే మాత్రం 34(1) తప్పదు. అన్నయ్య జవాబులో ఏం చెప్పినా ఫీజు దశలో దాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఫీజు రూ.200 అయినా, ఏ కోర్టులో వేయాలో తేల్చేది మార్కెట్ విలువే. అందుకే విలువ పత్రం జతచేశాం.

దావాకు స్టాంపు పేపర్లు కూడా కావాలా అన్న చర్చ అనవసరమని తేలింది. అవి వాటాలు పంచి ఇచ్చే తుది డిక్రీ రాసేటప్పుడు కావాలి, దావా వేసేటప్పుడు కాదు.