దాంతె పాదంలో ఉన్నది ‘దెల్ తువొ’నా, ‘ది తువొ’నా?

వేణు: ఇటాలియన్ నేర్చుకుంటున్నాను. దాంతె పద్యపాదం ఒకటి రెండ్రోజులుగా నోట్లో తిరుగుతోంది. ఆయన కావ్యం డివైన్ కామెడీలో మూడో భాగమైన పారదీసొ చివరి సర్గ మొదట్లో సంత్ బెర్నార్డ్ మరియమ్మను పిలుస్తాడే, ‘వెర్జినె మాద్రె, ఫిల్యా దెల్ తువొ ఫిల్యొ’, అదే. కన్యవైన తల్లీ, నీ కొడుక్కి కూతురా అని. నా అనుమానం ‘దెల్’ దగ్గర, అంటే ‘యొక్క’ అనే ‘ది’కి ‘ఇల్’ అనే ఆర్టికల్ కలిసిన మాట. తల్లి, తండ్రి, కొడుకు లాంటి చుట్టరికం మాట ఏకవచనంలో ఉంటే ‘నా, నీ’ల ముందు ఆర్టికల్ వద్దని మా పాఠ్యపుస్తకం చెబుతోంది. ఆ లెక్కన ‘ది తువొ ఫిల్యొ’ అనాలి కదా? నేను తప్పుగా గుర్తుపెట్టుకున్నానా, దాంతె అలాగే రాశాడా?

ప్రసాద్: గుర్తు సరైనదే, ‘దెల్’ అనే ఉంది. కారణం ఛందస్సు. పాదానికి 11 అక్షరాలు కావాలి, అందుకే కవి ఆర్టికల్ తెచ్చి పెట్టాడు.

సుభాషిణి: ప్రసాద్ గారూ, ఒకసారి లెక్కపెట్టి చూడండి. వెర్-జి-నె-మా-ద్రె-ఫి-ల్యా-దెల్-తువొ-ఫి-ల్యొ, మొత్తం 11. ‘దెల్’ తీసి ‘ది’ పెట్టినా అదే 11. ఇక్కడ ఛందస్సు కవిని ఏ వైపుకీ నెట్టలేదు. ఆయనే ఎంచుకున్నాడు.

ఛందస్సు మాట నిలిచే చోట్లు వేరే ఉన్నాయి. అదే కావ్యం రెండో భాగం పుర్గతోరియొ 24వ సర్గలో దాంతె స్నేహితుడు ఫొరేసె తన చెల్లెలు పికార్దా గురించి ‘లా మియా సొరెల్లా, కె త్రా బెల్లా ఎ బువొనా’ అని మొదలుపెడతాడు. అందగత్తె అనాలో మంచిది అనాలో, ఏది ఎక్కువో తెలియదంటాడు. అక్కడ ‘లా’ అనే ఆర్టికల్ తీసేస్తే అక్షరం తగ్గుతుంది. ‘మియా’ను రెండక్షరాలుగా సాగదీస్తే తప్ప పాదం నిలవదు. మొదటి భాగం ఇన్‌ఫెర్నొ 22వ సర్గలో ఒకడు ‘మియా మాద్రె’ అని పాదం ఎత్తుకుంటాడు, తన తల్లి తనను ఒక దొర దగ్గర కొలువులో పెట్టిందని. అక్కడ ‘లా’ చేరిస్తే 12 అవుతుంది. ఒకే కావ్యంలో చెల్లెలికి ఆర్టికల్ ఉంది, తల్లికి లేదు. అంటే ఆ కాలపు టస్కనీ భాషలో రెండూ చెల్లేవి. మీ పుస్తకంలోని నియమం ఇప్పటి వాడుకది, ఏడు వందల ఏళ్ల కిందటి కవిని దానితో కొలవలేం.

పద్మజ: మా అమ్మాయి బొలోన్యాలో చదువుతోంది. ఇంటి ఓనరమ్మకు ‘లా మియా మాద్రె’ వస్తోందని మెసేజ్ పెడితే ఆవిడ ‘లా’ కొట్టేసి, ‘మియా మాద్రె’ అని దిద్దిందట. తర్వాత చిన్నదాని గురించి ‘మియా సొరెల్లీనా’ అని రాస్తే ఈసారి ‘లా’ చేర్చిందట. మా పిల్లకు టెన్షన్. తల్లి దగ్గర తీసేసి చెల్లెలి దగ్గర పెట్టడమేంటి? పెద్దవాళ్ల మీద గౌరవమా?

సుభాషిణి: గౌరవం కాదు పద్మజ గారూ. మీ పిల్ల ‘సొరెల్లా’ అని ఊరుకుని ఉంటే, చెల్లెలైనా అక్క అయినా ఆర్టికల్ ఉండేది కాదు. ‘ఈనా’ అని ముద్దు ప్రత్యయం తగిలించింది కాబట్టి ‘లా’ వచ్చింది. పక్కన విశేషణం చేరినా అంతే, ‘లా మియా సొరెల్లా మజ్జోరె’, మా పెద్దక్క. బహువచనమైతే తప్పదు, ‘ఇ మియెయ్ ఫ్రతెల్లి’. ‘వాళ్ల’ అనే ‘లోరొ’తో కూడా తప్పదు, ‘లా లోరొ మాద్రె’. కుటుంబం అనే మాటకు ఈ మినహాయింపు లేదు, ‘లా మియా ఫమీల్యా’ అనే అంటారు.

ఇంగ్లీషు నుంచి వచ్చేవాళ్లకు ఇది తలకిందులుగా కనబడుతుంది. ఇంగ్లీషులో ‘మై’ ఆర్టికల్ కూర్చునే చోటే కూర్చుంటుంది, అందుకే రెండూ కలిసి ఎప్పుడూ రావు. ఇటాలియన్ ‘మియొ’ మామూలు విశేషణం, దాని ముందు ‘ఇల్’ రావచ్చు, ‘ఉన్’ రావచ్చు, ‘క్వెస్తొ’ రావచ్చు. ‘ఉన్ మియొ ఫ్రతెల్లొ’ అంటే నా అన్నదమ్ముల్లో ఒకడు. ఒట్టి ‘మియొ ఫ్రతెల్లొ’ అన్నప్పుడు మాత్రం అది అచ్చం ఇంగ్లీషు ‘మై’లాగే ప్రవర్తిస్తుంది. ఇంగ్లీషువాళ్లకు తెలిసిన పద్ధతి ఇటాలియన్‌లో ఈ ఒక్క మూలలో దొరుకుతుంది. కానీ అప్పటికే వాళ్లు ‘ఇల్ మియొ లీబ్రొ’, నా పుస్తకం, అలవాటు చేసుకుని ఉంటారు, అందుకని ఇక్కడే జారతారు. ‘కి’, ‘యొక్క’ లాంటివి చేరినప్పుడు తప్పు ఇంకా బయటపడుతుంది. ‘ఆ మియొ పాద్రె’ అంటే మా నాన్నకి. ‘అల్ మియొ పాద్రె’ అంటే విన్నవాళ్లు వెంటనే దిద్దుతారు.

కిరణ్: అందరూ దిద్దరు. ఫ్లోరెన్స్‌లో నా రూమ్మేట్ అమ్మను ‘లా మియా మమ్మా’, నాన్నను ‘ఇల్ మియొ బబ్బొ’ అనే అనేవాడు, ‘లా మియా నోన్నా’ కూడా. నేపుల్స్ వాళ్లతో మాట్లాడితే ఇంకో లోకం. వాళ్ల మాండలికంలో ‘నీ’ అన్నది అమ్మ మాట తోకకే అతుక్కుంటుంది, ‘మమ్మెతా’ అంటే మీ అమ్మ. అక్కడ ఆర్టికల్ ప్రసక్తే లేదు.

సుభాషిణి: ‘మమ్మా’, ‘పపా’, ‘బబ్బొ’లకు రెండు రకాలూ నడుస్తాయి, టస్కనీలో ఆర్టికల్ వైపు మొగ్గు ఎక్కువ. ‘మాద్రె’, ‘పాద్రె’లకు ఆ వెసులుబాటు లేదు.

ప్రసాద్: సరే, ‘లా మియా సొరెల్లా, కె...’ దగ్గర ఛందస్సు అక్కర్లేదనుకుంటా. వెనక ‘కె’తో ఒక వాక్యం వేలాడుతోంది. అది విశేషణం లాంటిదే. అందుకే ఆర్టికల్.

సుభాషిణి: చాలామంది సోదరుల్లో ఫలానావాణ్ణి వేరుచేసి చూపడానికైతే మీ మాట చెల్లుతుంది, ‘రోములో ఉండే మా తమ్ముడు’ అన్నట్టు. ఫొరేసె పికార్దాను ఎవరి నుంచీ వేరుచేయడం లేదు, ఆమె గురించి ఇంకో మాట కలుపుతున్నాడంతే. ఇప్పటి ఇటాలియన్‌లో అలాంటి వాక్యానికి ముందు ‘మియా సొరెల్లా’ అనే అంటారు.

రామశర్మ: ఇంతదూరం పోవడమెందుకు, మన పోతన దగ్గరికి రండి. ‘అమ్మలఁగన్నయమ్మ’లో మూడో పాదం చివర ‘దుర్గ మా’ అని ఆగి, నాలుగో పాదం ‘యమ్మ’ అని ఎత్తుకుంటాడు. అక్కడ ‘నా’ పెట్టినా గురువే, గణం చెడదు, యతికీ ప్రాసకూ అడ్డు రాదు. అయినా ‘మా యమ్మ’ అన్నాడు. తెలుగువాడు అమ్మను ‘నా’ అనడు. దాంతె ‘దెల్’ ఎంచుకున్నట్టే ఇదీ కవి ఎంపిక.

వేణు: శర్మగారూ, అక్కడ ‘మా’ అంటే భక్తులందరికీ అమ్మ అని కూడా కావచ్చు కదా? ఇంట్లో ‘మా అమ్మ’ అనే అలవాటే అనడానికి ఆధారమేంటి?

రామశర్మ: కవిత్వ సంపద అడిగేది తనకొక్కడికే కదా! ‘మాకు’ అని ఎక్కడా అనలేదు.

పద్మజ: అయితే ‘నా కొడుకు’ అంటాం, ‘నా కూతురు’ అంటాం. పైవాళ్లకు ‘మా’, కిందివాళ్లకు ‘నా’. గౌరవం అని నేనన్నది అందుకే.

రామశర్మ: ‘మా అబ్బాయి’ అనరా మీ ఇంట్లో?

వేణు: అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. ఛందస్సు అడగలేదు, వ్యాకరణం రెండిటినీ ఒప్పుకుంది. మరి ‘దెల్’ ఎందుకు?

సుభాషిణి: నా ఊహ చెబుతాను, నిరూపించలేను. ‘ది తువొ ఫిల్యొ’ అంటే ఏ తల్లికైనా ఉండే కొడుకు. ‘దెల్’ అన్నప్పుడు ఆ కొడుకు మీద వేలు పెట్టి చూపినట్టవుతుంది. తల్లి తన కొడుక్కే కూతురైందన్న వింత ఆ వేలు మీదే ఆధారపడి ఉంది.

ప్రసాద్: ప్రార్థన భాష పాత పద్ధతిని పట్టుకుని ఉంటుందని నాకనిపిస్తోంది. దైవాన్ని పిలిచేటప్పుడు ఎవరూ వాడుకభాషకు దిగరు.

సుభాషిణి: ఫొరేసె ప్రార్థన చేయడం లేదు కదండీ. స్నేహితుడితో నడుస్తూ చెల్లెలి కబురు చెబుతున్నాడు, అక్కడా ‘లా మియా’నే.

ప్రసాద్: అక్కడ ఛందస్సు అని మీరే అన్నారు!