తోటి విద్యార్థిని మరణాన్ని తరగతికి ఏ మాటలతో చెప్పాలి?

మలక్‌పేట ఉపాధ్యాయిని: మా మూడో తరగతి పాప ఒకతె డెంగీతో శనివారం రాత్రి చనిపోయింది. రేపు ఉదయం ఆ సంగతి పిల్లలకు నేనే చెప్పాలి. "దేవుడి దగ్గరకు వెళ్ళిపోయింది" అందామనుకుంటున్నాను. ఇంతకన్నా తగిన మాట ఉంటే చెప్పగలరు.

విశ్రాంత తెలుగు పండితులు: చావును నేరుగా పలకకపోవడం మన భాషలో మర్యాద. "చచ్చిపోయింది" మొరటుగా ఉంటుంది కనుక "స్వర్గస్థురాలైంది" అనడం ఉచితమని నా అభిప్రాయం.

ఒక సభ్యుడు: "మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి" అని నోటీసు బోర్డులో రాస్తే బాగుంటుంది.

బడి కౌన్సెలర్, తార్నాక: నోటీసు సంగతి వేరు, ఇక్కడి ప్రశ్న పిల్లలతో మాట్లాడడం గురించి. "చచ్చిపోయింది" వద్దన్న పండితుల మాట సరైనదే, అయితే ఎనిమిదేళ్ల పిల్లల్లో చాలామంది మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంటారు. "వెళ్ళిపోయింది" అంటే ఎప్పుడు తిరిగొస్తుందని అడుగుతారు, "దేవుడు తీసుకెళ్ళాడు" అంటే రేపు తమనూ తీసుకెళ్తాడేమోనని బెదురుతారు. పైగా తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు. "చనిపోయింది" స్పష్టంగానూ ఉంటుంది, మర్యాదగానూ ఉంటుంది.

ముందుగా తల్లిదండ్రులకు ఫోన్ చేసి, జబ్బు పేరు చెప్పవచ్చునా అని అడగండి. ప్రార్థన సమావేశంలో మైకులో కాకుండా, మొదటి పీరియడ్‌లో హాజరు పిలవకముందే, మీ తరగతి గదిలోనే చెప్పండి. ఈ మాత్రం చాలు: "మీకొక బాధాకరమైన సంగతి చెప్పాలి. మన తరగతిలోని పాప శనివారం రాత్రి చనిపోయింది. తనకు డెంగీ అనే జబ్బు చాలా ఎక్కువైంది, డాక్టర్లు ప్రయత్నించినా శరీరం పనిచేయడం ఆగిపోయింది. తను ఇక బడికి రాదు. ఏడుపొస్తే ఏడవవచ్చు, రాకపోయినా తప్పు లేదు." పేరు తప్పక చెప్పండి. "జ్వరమొచ్చి పోయింది" అని మాత్రం అనకండి, ఎందుకంటే వర్షాకాలంలో ఒళ్ళు వెచ్చబడిన ప్రతి పిల్లా తన వంతు వచ్చిందనుకుంటుంది.

ఒక తల్లి, కూకట్‌పల్లి: మా మామగారు పోయినప్పుడు "తాతయ్య నిద్రపోయారు" అని చెప్పాము. ఆ తరువాత మా వాడు చాలా రోజులు దీపం ఆర్పనివ్వలేదు, వాళ్ళ నాన్న కునుకు తీసినా తట్టి లేపేవాడు.

ఉపాధ్యాయిని: పక్కన కూర్చునే అమ్మాయి గత వారం ఆ పాపతో పెన్సిల్ కోసం గొడవపడి, "నీతో మాట్లాడను" అన్నది. ఆమెకేం చెప్పాలి?

కౌన్సెలర్: ఆమె అడిగేదాకా ఆగకండి, అందరికీ వినిపించేలా "మనం అన్న మాట వల్ల, పడిన గొడవ వల్ల ఎవరికీ డెంగీ రాదు, పక్కన కూర్చున్నందువల్లా అంటదు, అది దోమ కాటుతో వస్తుంది" అనండి. తరువాత ఆమెతో విడిగా కూర్చోండి. నిద్ర, తిండి, బడికి రావడం కొన్ని వారాలైనా కుదుటపడకపోతే ఇంటివారితో మాట్లాడి నిపుణులకు చూపించాలి.

పండితులు: "చనిపోయింది" అన్న మాటకు అంగీకరిస్తున్నాను. కానీ ఖాళీ బల్లను వెంటనే తీసేయడమే మేలు, రోజూ చూస్తే పిల్లలకు బాధ.

కౌన్సెలర్: రాత్రికి రాత్రే మాయమైతే ఇంకా బాధ. కొన్నాళ్ళు ఉంచి, ఎప్పుడు తీయాలో పిల్లలనే అడగాలంటాను.

ఉపాధ్యాయిని: బల్ల రేపటికి అలాగే ఉంచుతాను. హాజరు పట్టీలో పేరు సంగతి ప్రధానోపాధ్యాయినితో మాట్లాడాలి.