ప్రసూతి సెలవు నుంచి తిరిగొస్తే నా పని నాకు లేదు, ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. 26 వారాల ప్రసూతి సెలవు ముగించుకుని ఏప్రిల్‌లో చేరాను. జీతం, హోదా అవే. కానీ నేను చూసే ఐదుగురు పెద్ద క్లయింట్ల పని నా జూనియర్ దగ్గరే ఉండిపోయింది. నాకు మిగిలింది పాత బిల్లులు సరిచూడటం. సోమవారం మీటింగుకు పిలుపు రాదు. అడిగితే మా మేనేజర్ గారు, "చిన్న బిడ్డతో నీకెందుకమ్మా ఒత్తిడి?" అంటారు. కోప్పడితే బాగుండేది, ఎదురు చెప్పగలిగేదాన్ని.

పాలు పిండుకోవడానికి రోజుకు రెండుసార్లు లేస్తాను. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా ఆ విరామాలు చట్టం ఇచ్చినవే. అయినా నేను లేవగానే పక్క సీటాయన గడియారం చూస్తాడు.

అసలు దెబ్బ వార్షిక రేటింగులో తగిలింది. పనిచేసిన ఆరు నెలల లక్ష్యాలు పూర్తిచేశాను. అయినా "సగం ఏడాది లేరు" అని రాసి, రేటింగ్ నాలుగు నుంచి మూడుకు దించారు. ఇంక్రిమెంటూ తగ్గింది.

సెలవులో ఉండగా ఉద్యోగ షరతులను మనకు నష్టం కలిగేలా మార్చకూడదని చట్టంలో ఉంది. నేను సెలవులో ఉన్నప్పుడే క్లయింట్లను శాశ్వతంగా మార్చేసినట్టు ఈమెయిల్ దొరికింది. జీతం తగ్గకుండా పని మాత్రమే తీసేస్తే అది షరతుల మార్పు కిందికి వస్తుందా? రేటింగుపై ముందు హెచ్‌ఆర్‌కు రాయాలా, నేరుగా కార్మిక శాఖకు వెళ్లాలా? ఇలాంటి ఫిర్యాదు చేసి అదే ఆఫీసులో కొనసాగినవారు ఉంటే, మొదటి ఉత్తరంలో ఏం రాశారో చెప్పండి.