డిస్కార్డ్‌లో పలికే మైకు గేమ్‌లో మూగబోతే: అనుమతి ముందా, పరికరం ముందా?

శ్రీకాకుళం నుంచి, డిగ్రీ విద్యార్థి
నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. యూఎస్‌బీ హెడ్‌సెట్ మైకు డిస్కార్డ్‌లోనూ, బ్రౌజర్‌లో జరిగే ఆన్‌లైన్ తరగతుల్లోనూ చక్కగా పనిచేస్తోంది. గేమ్‌లో మాత్రం జట్టులో ఎవరికీ నా మాట వినబడటం లేదు. ముందుగా ప్రైవసీ అనుమతులు చూడాలా, పరికరం ఎంపిక చూడాలా?

బొబ్బిలి నుంచి
ఇది ముమ్మాటికీ అనుమతుల సమస్యే. సెట్టింగ్స్‌లో Privacy & security కింద ఉన్న Microphone పేజీ తెరిచి, పైనున్న Microphone access, దాని కిందనున్న Let apps access your microphone, పేజీ అడుగున ఉండే Let desktop apps access your microphone అనే మూడు స్విచ్‌లూ తెరిచి ఉన్నాయో లేదో చూడండి. చాలామంది పై రెండూ చూసి వెనక్కి వచ్చేస్తారు, మూడోది మూసి ఉన్న సంగతి గమనించరు. మా తమ్ముడి కంప్యూటర్‌లో ఇదే జరిగింది, ఆ మూడో స్విచ్ తెరవగానే గేమ్‌లో మాట వినబడింది.

ఆమదాలవలస నుంచి
నాకూ ఇలాగే అయ్యింది. మైకుకీ, చెవులకీ కలిపి ఒకే పిన్ను ఉన్న హెడ్‌సెట్‌ను రెండు రంధ్రాలున్న పాత కంప్యూటర్‌కు పెడితే పాట వినబడేది గాని మాట వెళ్లేది కాదు. పిన్నును రెండుగా చీల్చే చిన్న తీగ కొన్నాక బాగుపడింది. మీరు కూడా ఆ తీగ ప్రయత్నించి చూడండి.

విజయనగరం నుంచి, కంప్యూటర్ మరమ్మతుల దుకాణం
ఆమదాలవలస వారు చెప్పింది వారి హెడ్‌సెట్‌కు సరైనదే గాని, ఇక్కడున్నది యూఎస్‌బీ హెడ్‌సెట్, పైగా అదే మైకు డిస్కార్డ్‌లో పలుకుతోంది కాబట్టి తీగనూ పిన్నునూ అనుమానించే పని లేదు. బొబ్బిలి వారి మాటలోనూ ఒక చిక్కు ఉంది. గేమ్ మామూలు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ అయితే దానికీ డిస్కార్డ్‌కీ బ్రౌజర్‌కీ వర్తించేది ఆ ఒక్క మూడో స్విచ్చే, అందులో గేమ్‌ను వేరు చేసి ఆపే వీలు లేదు. అది మూసి ఉంటే డిస్కార్డ్ కూడా మూగబోయి ఉండాలి. గేమ్ గాని, డిస్కార్డ్ గాని మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దింపుకొన్న ఆప్ అయితే లెక్క మారుతుంది, ఎందుకంటే అలాంటి ఆప్‌లలో చాలావాటికి ఆ పేజీలోనే విడివిడి స్విచ్‌లు ఉంటాయి.

తమ్ముడూ, నువ్వు ఊహలు పక్కన పెట్టి ఒక పరీక్ష చెయ్యి. డిస్కార్డ్‌నూ బ్రౌజర్‌నూ పూర్తిగా మూసేసి, గేమ్ ఒక్కటే నడుపుతూ వాయిస్ చాట్‌లోకి వెళ్లి మాట్లాడు. మాట్లాడుతుండగా టాస్క్‌బార్‌లో గడియారం పక్కన చిన్న మైకు గుర్తు కనబడుతోందా, దాని మీద మౌస్ పెడితే గేమ్ పేరు వస్తోందా చూడు. వస్తే విండోస్ అనుమతి ఇచ్చినట్టే, గేమ్ ఏదో ఒక మైకును తెరిచి వింటున్నట్టే. ఆ మైకు నీ హెడ్‌సెట్‌దేనా అన్నదే అప్పుడు మిగిలిన ప్రశ్న. దాంతోపాటు మరొకటి చెప్పు: నీ స్నేహితులకు బొత్తిగా ఏమీ వినబడటం లేదా, లేక దూరం నుంచి మాట్లాడినట్టు సన్నగా, ఫ్యాను హోరుతో కలిసి వినబడుతోందా? సన్నగా వినబడితే గేమ్ ల్యాప్‌టాప్ లోపలి మైకును పట్టుకున్నదని అర్థం.

శ్రీకాకుళం నుంచి, డిగ్రీ విద్యార్థి
అన్నగారూ, గుర్తు కనబడింది, గేమ్ పేరు కూడా వచ్చింది. మూడు స్విచ్‌లూ తెరిచే ఉన్నాయి. అయితే స్నేహితులకు ఫ్యాను హోరు కూడా వినబడటం లేదట, పూర్తి నిశ్శబ్దమట. గేమ్‌లో మైకు ఎంపిక దగ్గర Default అని ఉంది. డిస్కార్డ్‌లో మాత్రం నేను హెడ్‌సెట్ పేరునే ఎంచుకున్నాను.

బొబ్బిలి నుంచి
పూర్తి నిశ్శబ్దం అంటున్నారు కదా, నేను చెప్పిందీ అదే. వేరే మైకు తగిలి ఉంటే ఎంతో కొంత చప్పుడు రావాలి.

విజయనగరం నుంచి, కంప్యూటర్ మరమ్మతుల దుకాణం
ఎంతో కొంత చప్పుడు రావాలంటే అక్కడ నిజమైన మైకు ఉండాలి. పేరుకు మైకులా కనబడుతూ, వెనుక ఏ యంత్రమూ లేని వర్చువల్ పరికరాలు కూడా ఉంటాయి. వాటిలోకి ఎవరూ శబ్దం పంపకపోతే వచ్చేది శుద్ధ నిశ్శబ్దమే. తమ్ముడూ, విండోస్ మీటతో పాటు R నొక్కి ఇది టైపు చెయ్యి:

```
mmsys.cpl
```

Recording అనే ట్యాబ్‌కు వెళ్లి మాట్లాడు. ఏ పరికరం పక్కన ఆకుపచ్చ గీతలు లేస్తున్నాయో, ఏ పరికరం మీద ఆకుపచ్చ టిక్కు ఉందో, ఏ దాని మీద ఫోను బొమ్మ ఉందో మూడూ విడిగా రాసి పంపు. టిక్కు Default Device అనడానికి, ఫోను బొమ్మ Default Communication Device అనడానికి గుర్తు. ఈ రెండూ ఒకే పరికరానికి ఉండాలన్న నియమం లేదు, చాలా తగవులు అక్కడే పుడతాయి.

శ్రీకాకుళం నుంచి, డిగ్రీ విద్యార్థి
గీతలు లేస్తున్నది హెడ్‌సెట్ పక్కనే, దాని మీద ఫోను బొమ్మ ఉంది. టిక్కు మాత్రం తరగతులు రికార్డు చేసుకోవడానికి నేను వేసుకున్న ఒక వర్చువల్ కేబుల్ మీద ఉంది. హెడ్‌సెట్ మీద రైట్ క్లిక్ చేసి Set as Default Device ఎంచుకున్నాను. టిక్కు మారింది గాని, గేమ్‌లో ఇంకా నిశ్శబ్దమే.

విజయనగరం నుంచి, కంప్యూటర్ మరమ్మతుల దుకాణం
గేమ్‌ను మూసి మళ్లీ తెరిచావా? డిఫాల్ట్ పరికరం ఏదన్నది మొదలయ్యేటప్పుడు ఒక్కసారి అడిగి ఊరుకునే గేమ్‌లు చాలా ఉన్నాయి. మధ్యలో మార్చినా అవి పాతదాన్నే పట్టుకుని ఉంటాయి. అప్పటికీ పలకకపోతే సెట్టింగ్స్‌లో System, Sound, Volume mixer వరుసలో వెళ్లి, జాబితాలో గేమ్ పేరును తెరిచి, దానికి విడిగా వేరే Input device కట్టి ఉందేమో చూడు. అక్కడ కట్టింది డిఫాల్ట్ మార్చినా కదలదు.

శ్రీకాకుళం నుంచి, డిగ్రీ విద్యార్థి
మూసి తెరవగానే జట్టులో అందరికీ వినబడింది. Volume mixer దాకా వెళ్లవలసిన పని పడలేదు. ఇప్పుడు గేమ్‌లో Default తీసేసి హెడ్‌సెట్ పేరునే పెట్టేయమంటారా?

రాజాం నుంచి, ఉపాధ్యాయుడు
పెట్టవద్దని నా సలహా. నా దగ్గరున్న చవక యూఎస్‌బీ హెడ్‌సెట్‌ను ఒక రోజు కుడివైపు పోర్టులో, మరొక రోజు ఎడమవైపు పోర్టులో పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరంగా లెక్కగట్టి, పేరు ముందు 2- అని తగిలించింది. నేను పేరుతో ఎంచుకున్న ప్రోగ్రామ్ ఇప్పుడు లేని పాత పరికరాన్ని వెతుక్కుంటూ మూగబోయింది. Default అని ఉంచి, విండోస్‌లోనే టిక్కు సరిచూసుకోవడం సుఖం.

విజయనగరం నుంచి, కంప్యూటర్ మరమ్మతుల దుకాణం
మాస్టారూ, మీ అనుభవం నిజమే గాని నేను పేరే పెట్టమంటాను. కొత్తగా ఏ ఆడియో పరికరం వేసినా, ఏ వర్చువల్ కేబుల్ ఎక్కించినా విండోస్ ఆ టిక్కును దానికి కట్టబెట్టే అవకాశం ఉంది. ఈ తమ్ముడి విషయంలో జరిగింది అదే అయ్యుంటుంది. పోర్టు మార్చకుండా ఒకే చోట పెట్టుకునేవారికి పేరే నమ్మకం, రోజుకొక పోర్టు మార్చేవారికి మీ పద్ధతే మేలు.

బొబ్బిలి నుంచి
ఈసారి నా ఊహ తప్పిందని ఒప్పుకుంటున్నాను. అయినా ఒక అభ్యంతరం మిగిలే ఉంది. ఒక్క గేమ్ కోసం ఆ మూడో స్విచ్ తెరిస్తే కంప్యూటర్‌లోని ప్రతి డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌కూ మైకు అప్పగించినట్టు కాదా? నేను ఆట ముగిశాక దాన్ని మూసేస్తాను.

విజయనగరం నుంచి, కంప్యూటర్ మరమ్మతుల దుకాణం
అప్పగించినట్టే. పైగా సొంత డ్రైవర్ వేసుకుని నేరుగా పరికరాన్ని చేరుకునే ప్రోగ్రామ్‌లను ఆ స్విచ్ పూర్తిగా ఆపలేదు, కాబట్టి దాన్ని ఇనుప తలుపు అనుకోవద్దు. ఎవరు ఎప్పుడు మైకు వాడారో ఆ పేజీలోనే సమయంతో సహా కనబడుతుంది. నేను వారానికొకసారి ఆ జాబితా చూసుకుంటాను గాని స్విచ్ మూయను.

బొబ్బిలి నుంచి
జాబితా చూసేసరికి వినవలసినవాడు వినేసి ఉంటాడు కదా. నేను మూస్తూనే ఉంటాను. మరుసటి రోజు డిస్కార్డ్‌లో మాట వెళ్లకపోతే కారణం ఏమిటో నాకు ముందే తెలిసి ఉంటుంది.