రిఫర్ చేసినాయనకి ఎప్పుడు ఏం చెప్పాలి? ఇంకో ఆఫర్ కూడా చేతిలో ఉంది

ఆచంట కుర్రోడు, డాలస్:
అందరికీ నమస్కారమండి. ఎమ్మెస్ మేలో అయింది, ప్రస్తుతం ఓపీటీ మీద ఉన్నాను. హ్యూస్టన్‌లో మా నాన్నగారి స్నేహితులొకరు ఉన్నారు, వారిది రాజోలు. ఆయన నన్ను తనకి తెలిసిన పాలకొల్లు అన్నకి పరిచయం చేశారు. ఆ అన్న వాళ్ళ కంపెనీలో డేటా ఇంజనీర్ పోస్టుకి రిఫర్ చేశారు. రిఫర్ చేసిన రోజే థాంక్స్ చెప్పాను. తర్వాత రిక్రూటర్ మాట్లాడారు, మేనేజర్‌తో రౌండు ఖాయమైంది, అదీ అయిపోయింది. గురువారం చివరిది, నలుగురితో వరసగా.

నా సందేహాలు మూడు. ప్రతి రౌండుకీ మెసేజ్ పెడితే అన్నకి విసుగు రాదా? ఇంకో చిన్న కంపెనీ ఆఫర్ ఇచ్చి సోమవారంలోగా ఏ సంగతీ చెప్పమంది, ఆ మాట అన్నకి చెప్పాలా? మూడోది, ఉద్యోగం వస్తే పాలకొల్లులో ఉన్న అన్న వాళ్ళమ్మగారికి యాభై వేలు పట్టుకెళ్ళి ఇస్తానని మా నాన్నగారు కూర్చున్నారు. ఏం చెయ్యమంటారు?

భీమవరం, ఆస్టిన్:
తమ్ముడూ, ఎక్కువ ఆలోచించకు. చేరాక ఒక్కసారి ఫోన్ చేసి చెప్పు, చాలు. పోర్టల్లో నీ పేరు పక్కన ఏ రౌండు దాకా వచ్చావో ఆయనకి కనపడుతూనే ఉంటుంది. పైగా నువ్వు చేరితే ఆయనకి రిఫరల్ బోనస్ వస్తుంది. లెక్క చూస్తే ఆయనే నీకు పార్టీ ఇవ్వాలి!

నరసాపురం, కువైట్:
యాభై వేలు ఎవరికీ ఇవ్వొద్దండి. మా ఊళ్ళో ఒకాయన వీసా ఇప్పిస్తానని నా దగ్గర లక్షన్నర తీసుకున్నాడు, రశీదు లేదు, ఇక్కడికొచ్చాక చెప్పిన పని వేరు, ఇచ్చిన పని వేరు. గవర్నమెంటు దగ్గర రిజిస్టరైన ఏజెంటు కూడా ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ తప్ప పైసా తీసుకోకూడదు. ముందు ఆయనకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్లో చూసుకోండి.

రావులపాలెం అక్క, ప్లేనో:
నరసాపురం అన్నయ్యా, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఈ అబ్బాయిని రిఫర్ చేసినాయన ఏజెంటు కాదు, అదే కంపెనీలో ఉద్యోగి. ఆయన డబ్బు అడగనూ లేదు. డబ్బు సంగతికి తర్వాత వస్తాను.

నేను పదేళ్ళుగా రిక్రూటింగ్‌లోనే ఉన్నాను. భీమవరం తమ్ముడు చెప్పింది సగం నిజం. పోర్టల్లో కనపడేది మహా అయితే "పరిశీలనలో ఉంది", "ఎంపిక కాలేదు" లాంటి మాట ఒకటి. కొన్ని కంపెనీల్లో అదీ కనపడదు. ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఏం రాశారో రిఫర్ చేసినవాళ్ళకి చూపించరు. బోనసూ అన్ని చోట్లా ఉండదు. ఉన్నచోట నువ్వు చేరిన రోజున చేతిలో పెట్టరు, మూడు నెలలో ఆరు నెలలో నువ్వు నిలబడ్డాక జీతంతో కలిపి, టాక్సు కోసి ఇస్తారు.

అసలు ఎందుకు చెబుతూ ఉండాలంటే, చివరి రౌండు ముందో తర్వాతో మేనేజరు పాలకొల్లు అన్నకి "ఈ అబ్బాయి నీకెలా తెలుసు, మనిషి ఎలాంటివాడు" అని చాట్‌లో అడుగుతాడు. ఇది మా దగ్గర రోజూ జరిగేదే. నీ ఇంటర్వ్యూ ఉందన్న కబురే ఆయనకి మేనేజరు నోట తెలిసిందనుకో, "అలాగా, నాకు తెలీదే" అంటాడు. ఆ ముక్క నీకు చెరుపు చేస్తుంది, ఆయనకీ చిన్నతనం. అదే రెండు రోజుల ముందు నువ్వు చెప్పి ఉంటే, నువ్వు చేసిన ప్రాజెక్టు ఒకటి గుర్తుంచుకుని నాలుగు మాటలు చెప్పగలడు.

అందుకని ప్రతి చిన్నదానికీ అక్కర్లేదు. ఇంటర్వ్యూ తేదీ ఖాయమైనప్పుడు, అది అయిపోయిన సాయంత్రం, ఫలితం తెలిసిన రోజు, చేరే తేదీ తేలినప్పుడు. వారం దాటినా కబురు లేకపోతే "ఇంకా ఏమీ తెలీలేదన్నా, శుక్రవారం రిక్రూటర్‌ని అడుగుతాను" అని ఒక్క ముక్క. రిక్రూటర్‌ని నువ్వే అడుగుతున్నావని ఆయనకి తెలియాలి. లేకపోతే తనని కనుక్కోమంటున్నావేమో అనుకుంటాడు.

ఆచంట కుర్రోడు:
అక్కా, ఇప్పుడు ఏమని పెట్టమంటారు? నాకు రాయబోతే మరీ పొడుగైపోతోంది.

రావులపాలెం అక్క:
ఇవాళ ఇలా పెట్టు: "అన్నా, మేనేజర్‌తో రౌండు బాగా జరిగింది. గురువారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి చివరి రౌండు, నలుగురితో. మీరు రిఫర్ చేసిన పోస్టే. మేనేజరు మిమ్మల్ని అడిగితే మీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను. మీరేమీ చెయ్యనక్కర్లేదు." ఆ చివరి ముక్క తప్పకుండా ఉంచు. అది లేకపోతే అవతలివాళ్ళు ఇప్పుడు నేనేం చెయ్యాలా అని తల పట్టుకుంటారు.

ఆ నలుగురి పేర్లు చెప్పొచ్చు. వాళ్ళేం అడుగుతారో మాత్రం ఆయన్ని అడగకు. ఆ నలుగురిలో ఆయనే ఒకడైతే వెంటనే రిక్రూటర్‌కి చెప్పు. పరిచయస్తుడు మార్కులు వెయ్యకూడదు, వాళ్ళే మార్చేస్తారు.

గురువారం సాయంత్రం రెండు వాక్యాలు చాలు. అయిపోయింది, ఫలానా రోజుకి చెబుతామన్నారు అని. ఎవరు ఎలా అడిగారో కథంతా రాయకు. అవి ఆఫీసులో చేతులు మారితే ఇద్దరికీ ఇబ్బందే.

అమలాపురం, ఫ్రిస్కో:
రెండో ఆఫర్ సంగతో అక్కా? అదే కదా అసలు మెలిక. అన్నకి చెబితే "చేరనివాడికి ఎందుకు రిఫర్ చేశానురా" అనుకోడూ?

రావులపాలెం అక్క:
అనుకోడు. దాచిపెట్టి సోమవారం అటు చేరిపోతే అప్పుడనుకుంటాడు. వరస ఇదీ. ముందు రిక్రూటర్‌కి మెయిల్: "నాకు వేరే ఆఫర్ ఉంది, సోమవారం సాయంత్రం అయిదులోగా జవాబివ్వాలి. నాకు మీ పోస్టే ఇష్టం. ఆలోగా మీ నిర్ణయం తెలిసే వీలుందా?" మెయిల్ వెళ్ళాక అదే గంటలో అన్నకి ఇదే సంగతి, రిక్రూటర్‌కి చెప్పేశానన్న ముక్కతో. జీతం అంకె అడిగితేనే చెప్పు. లేని ఆఫర్ ఉందని మాత్రం ఎప్పుడూ అనకు. కాయితం చూపించమంటే పరువు పోతుంది, ఆయన పరువు కూడా.

గడువు పొడిగించమని ఆ చిన్న కంపెనీని కూడా అడుగు. రెండు మూడు రోజులు చాలామంది ఇస్తారు.

అటే చేరాలని తేల్చుకుంటే రిక్రూటర్‌కి మర్యాదగా వద్దని రాసి, వెంటనే అన్నకి మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి. కారణం ఉన్నదున్నట్టు చెప్పు. మా దగ్గర రిఫర్ చేసినవాళ్ళు కోపగించుకునేది అభ్యర్థి రాలేదని కాదు. "మీ వాడు రానన్నాడట" అని క్యాంటీన్‌లో ఎవరో చెబితే కోపం.

ఓపీటీ సంగతి ఒక్క మాట. ఉద్యోగం లేని రోజులు మొత్తం తొంభై దాటకూడదు కాబట్టి, నీ లెక్క దగ్గర పడితే చేతిలో ఉన్న ఆఫర్ వదులుకుని ఎదురుచూడకు. అది అన్నకీ అర్థమవుతుంది. ఆ కంపెనీకి ఈ-వెరిఫై ఉందా, ఐ-983 సంతకం చేస్తారా లాంటివి రిక్రూటర్‌నే అడగాలి, అన్నని కాదు.

అమలాపురం, ఫ్రిస్కో:
నేనొకటి కలుపుతాను. హ్యూస్టన్ బాబాయ్‌గారిని మర్చిపోకు తమ్ముడూ. రిఫర్ చేసింది అన్నే గానీ, నీ గురించి మాట పణంగా పెట్టింది ఆయన. చాలామంది ఆ మొదటి మనిషిని వదిలేస్తారు. ఆయనకి ప్రతి రౌండూ అక్కర్లేదు, ఇంటర్వ్యూ దాకా వచ్చిందని ఒకసారి, ఏ సంగతీ తేలాక ఒకసారి.

ఇంకోటి, మన గోదారి జిల్లాల వాళ్ళకే ఉన్న చిక్కు. నువ్వు ఇక్కడ రాత్రి ఎనిమిదింటికి ఇంటికి ఫోన్ చేస్తే అక్కడ పొద్దున్న ఆరున్నర. మీ నాన్నగారు కాఫీ హోటలు దగ్గర చెబుతారు. ఆచంట నుంచి పాలకొల్లు ఎంత దూరమనీ! ఆ పూటే వాళ్ళమ్మగారికి తెలుస్తుంది. ఆవిడ కొడుక్కి ఫోన్ చేసి "ఆచంట వాళ్ళబ్బాయికి ఉద్యోగం వచ్చిందంటగా, నువ్వే ఇప్పించావంటగా" అంటుంది. ఆయనకి నీ దగ్గర నుంచి కబురే ఉండదు. మా రూములో ఇలాగే అయింది. తీరా చూస్తే ఆ కుర్రాడికి వచ్చింది నోటిమాటే, బ్యాక్‌గ్రౌండ్ చెక్ కాకుండానే ఊరంతా స్వీట్లు పంచేశారు.

రావులపాలెం అక్క:
ఆయ్, అది నిజం. ఆఫర్ లెటర్ మీద నువ్వు సంతకం చేశాక ముందు పాలకొల్లు అన్న, తర్వాత హ్యూస్టన్ బాబాయ్‌గారు, తర్వాత ఇల్లు. లింక్డిన్‌లో పెట్టడం చేరాకే. అమ్మానాన్నలకి చెప్పకుండా ఉండలేనంటావు, తెలుసు. చెప్పు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యేదాకా గుమ్మం దాటించొద్దను.

ఇక యాభై వేలు. వద్దు. తెలిసిందంటే ఉద్యోగం అమ్ముకున్నట్టు కనపడుతుంది. చాలా కంపెనీల నియమాల్లో ఇది నేరుగా ఆయన ఉద్యోగానికే ముప్పు. డబ్బు ఇండియాలో వాళ్ళమ్మగారి చేతికి వెళ్ళినంత మాత్రాన తేడా రాదు. బోనస్‌లో వాటా అడగడం కూడా అంతే.

భీమవరం, ఆస్టిన్:
అయితే ఉత్త చేతులతో వెళ్తారా ఏంటి? మా ఇంట్లో అయితే బంగారం కాసైనా పెడతారు. పెద్దావిడకి చీర పెట్టడం తప్పెలా అవుతుందక్కా?

రావులపాలెం అక్క:
చీర సంగతి నేను తప్పనను, అక్కడి మర్యాద అది. కాసు మాత్రం నగదే. నన్నడిగితే ఆత్రేయపురం పూతరేకులు ఒక పెట్టె పట్టుకుని మీ అమ్మానాన్నలు వెళ్ళి కూర్చుని రావడం బాగుంటుంది, అదీ నువ్వు చేరాక. ముందే వెళ్తే రేపు ఆయన మీద బరువు పెట్టినట్టు.

ఆయనకి నువ్వు చెయ్యగలిగింది వేరే ఉంది. ఆయన బృందంలో ఖాళీ వచ్చిందనుకో, నీ బ్యాచ్‌లో పని తెలిసిన ఇద్దరి పేర్లు ఆయనకి పంపు, వాళ్ళు ఏం చేశారో, నీకెలా తెలుసో ఉన్నదున్నట్టు రాసి. మంచి మనిషిని పంపితే ఆయనకి అంతకంటే కావలసింది ఉండదు. రేపు నిన్ను ఎవరైనా రిఫర్ చెయ్యమంటే, తెలియనివాణ్ణి తెలుసని మాత్రం చెప్పకు. "మా ఊరివాడు, పని నేను చూడలేదు" అని రాయడానికి పోర్టల్లో చోటుంటుంది.

అమలాపురం, ఫ్రిస్కో:
చీర విషయంలో నేను భీమవరం వైపే. ఎంతవరకు మర్యాద, ఎక్కడి నుంచి లంచం అన్నది ఆ ఇంటివాళ్ళే తేల్చుకోవాలి.

ఆచంట కుర్రోడు:
అన్నకి మెసేజ్ పెట్టానండి. పది నిమిషాల్లో ఫోన్ చేశారు. మేనేజరు నిన్నే తనని అడిగాడట, నేనింకా ఏమీ చెప్పలేదు కాబట్టి "కనుక్కుని చెబుతా" అన్నారట. నా థీసిస్ గురించి రెండు ప్రశ్నలు అడిగి రాసుకున్నారు. రెండో ఆఫర్ గురించి రిక్రూటర్‌కి మెయిల్ వెళ్ళింది, జవాబు రాలేదు. చిన్న కంపెనీ బుధవారం దాకా ఆగుతామంది. నాన్నగారు మాత్రం యాభై వేలు పాతికవేలకి దింపారు, ఇంకా ఒప్పుకోలేదు. రాత్రికి మళ్ళీ మాట్లాడతాను.