అరబిక్ లేబుల్‌లో E471 పక్కన "మొక్కల నుంచి" అని రాయొచ్చా?

నమస్కారం అండీ. హైదరాబాద్ నుంచి కువైట్ వెళ్లే ఉస్మానియా బిస్కెట్ల ప్యాకెట్‌కి అరబిక్ స్టిక్కర్ అనువదిస్తున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను.

ఇంగ్లిష్ లేబుల్‌లో ఎమల్సిఫయర్ INS 471 అని మాత్రమే ఉంది. దాన్ని "ముస్తహ్లిబ్ E471" అని రాశాను, అంకె ఒకటే కాబట్టి ఇబ్బంది లేదు. కానీ ఈ పదార్థం పామాయిల్ నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. మనకైతే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూస్తే సరిపోతుంది, అక్కడి కొనేవాళ్లకి ఆ చుక్క ఏం చెబుతుంది? మొక్కల నుంచి వచ్చిందని చెప్పే "నబాతీ" అనే మాట చేరిస్తే వాళ్ల సందేహం తీరుతుంది. అయితే మూలంలో లేని మాట నేనెలా చేర్చను? చుక్క ఉంటే చాలా, లేక సరఫరాదారు నుంచి కాగితం అడగాలా? హలాల్ సర్టిఫికెట్ ఇంకా నా చేతికి రాలేదు, అందుకే "హలాల్" అనే మాట వదిలేశాను.

రెండోది, హెచ్చరికలో "నట్స్ ఉండొచ్చు" అనే ఉంది. ఫ్యాక్టరీని అడిగితే అదే లైన్‌లో జీడిపప్పు, పల్లీ రెండూ నడుస్తాయన్నారు. "ముకస్సరాత్" అని ఒక్క మాట రాస్తే పల్లీ పడనివాళ్లకి స్పష్టంగా తెలుస్తుందా? పల్లీకి "ఫూల్ సూదానీ" అని విడిగా పెట్టాలనే నాకనిపిస్తోంది. గల్ఫ్ లేబుళ్లు చేసినవాళ్లు మీరెలా రాశారో చెప్పండి.