డిండి వాగు ఇసుక పొర వయస్సు: క్వార్ట్జ్ చాలునా, ఫెల్డ్‌స్పార్ కావాలా?

నల్లగొండ జిల్లాలో డిండి వాగు ఒడ్డున, నేటి వరద మట్టానికి పైన మిగిలిన పాత ఇసుక పొర వయస్సు తేల్చాలి. అందులో రేడియోకార్బన్‌కు కావలసిన బొగ్గు లేదు. అపటైట్ ఫిషన్ ట్రాక్ పద్ధతి, రాయి సుమారు 110 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లబడిన కాలాన్ని చెబుతుంది కనుక, ఇసుక పేరుకున్న కాలానికి పనికిరాదు. అందుకే ఇసుకలోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజ గింజలకు చివరిసారి ఎండ తగిలిన కాలాన్ని చూపే లూమినెసెన్స్ పద్ధతిని ఎంచుకున్నాను.

అయితే గ్రానైట్ ఇసుకలో రేడియేషన్ వెలువరించే పొటాషియం, థోరియం ఎక్కువ. వెయ్యేళ్లకు 4 గ్రేల రేడియేషన్ మోతాదు పడుతుందనుకుంటే, 150 గ్రేల దగ్గర సంకేతం నిండిపోయే క్వార్ట్జ్ సుమారు 37,500 ఏళ్లకు మించి చెప్పలేదు. ఫెల్డ్‌స్పార్ అంతకంటే వెనక్కి వెళ్తుంది గానీ, దాని సంకేతం ఎండలో నిదానంగా చెరుగుతుంది కాబట్టి, బురదనీటిలో కొట్టుకొచ్చిన ఇసుక ఉన్నదానికంటే పాతదిగా కనిపించవచ్చు. ఇటువంటి నేలలో పనిచేసినవారు నేటి వాగు ఇసుకను కొలిచి అందులో చెరగకుండా మిగిలిన మోతాదును తీసివేస్తారా, లేక గింజలను విడివిడిగా కొలుస్తారా?